మా అమ్మాయి కూచిపూడి రంగప్రవేశానికి ఆహ్వానపత్రం రాశాము, అచ్చుకు ఇచ్చే ముందు పెద్దలు ఒకసారి చూడగలరా?

పాప వాళ్లమ్మ రాశారు:

సభ్యులందరికీ నమస్కారం. మా అమ్మాయికి పదిహేనేళ్లు. ఏడో ఏట నుంచి ఒకే గురువుగారి దగ్గర కూచిపూడి నేర్చుకుంటోంది. వచ్చే నెల రెండో శనివారం సాయంత్రం మొదటిసారిగా ఒంటరిగా, పూర్తి నిడివి ప్రదర్శన ఇవ్వబోతోంది. ఆహ్వానపత్రం మేమే రాసుకోవాలని గురువుగారు మా ఇష్టానికి వదిలేశారు. మా ఇంట్లో ఇంతవరకు పెళ్లి పత్రికలు, గృహప్రవేశం పత్రికలు తప్ప వేరేవి రాసినవారు లేరు. నేను రాసిన చిత్తుప్రతిని కింద పెడుతున్నాను. వ్యక్తుల పేర్లు, మందిరం పేరు, తేదీ మాత్రం ఇక్కడ తీసివేశాను.

"చి.ల.సౌ. ………… కూచిపూడి అరంగేట్ర మహోత్సవానికి తామెల్లరు సకుటుంబ సపరివార సమేతంగా విచ్చేసి, చిరంజీవిని ఆశీర్వదించి, మా ఆతిథ్యమును స్వీకరించగలరని ప్రార్థించుచున్నాము. శనివారం సాయంత్రం 6 గంటల నుంచి 8 గంటల వరకు. శిక్షణ, నృత్య రూపకల్పన: గురువుగారు. ప్రదర్శించు అంశములు: వినాయక కౌత్వం, జతిస్వరం, దశావతార శబ్దం, భామాకలాపం, సిద్ధేంద్రయోగి తరంగం, అన్నమాచార్య సంకీర్తన, తిల్లానా, మంగళం. సంగీత సహకారం: ప్రముఖ కళాకారులు. ఇట్లు, తల్లిదండ్రులు."

నాకున్న సందేహాలు రెండు. అరంగేట్రం అనాలా, రంగప్రవేశం అనాలా? అమ్మాయిని చెయ్యి పట్టుకుని మొదటిరోజు తరగతికి తీసుకువెళ్లింది మా అత్తగారు. ఆవిడ రెండేళ్ల క్రితం కాలం చేశారు. ఆవిడ పేరు లేకుండా ఈ పత్రం అచ్చు వేయడానికి మా వారికి మనసు ఒప్పడం లేదు, కానీ ఎక్కడ, ఎలా రాయాలో మాకు తెలియడం లేదు.

ముందువరుస రాశారు:

చాలా సంతోషం అమ్మా, మమ్మల్నందరినీ పిలిచినందుకు ధన్యవాదాలు. నేను, మా ఆవిడ తప్పకుండా వస్తాము. టికెట్టు ఏమైనా తీసుకోవాలా, లేక ఈ పత్రం చూపిస్తే లోపలికి పంపిస్తారా? మా మనుమరాలికి ఆరేళ్లు, తనను వెంట తీసుకురావచ్చా?

పాప వాళ్లమ్మ రాశారు:

అయ్యా, నేను ఇక్కడ అడిగింది పత్రంలో తప్పులు చూడమని. అయినా మీ ప్రశ్న చదివాక నా చిత్తుప్రతిలో ఆ సంగతి అసలు లేదని గుర్తించాను. ప్రవేశం ఉచితమని, పిల్లలతో రావచ్చని ఎక్కడా రాయలేదు. మందిరం వివరాలు మీకు విడిగా పంపుతాను, తప్పకుండా రండి.

అక్షరదోషం రాశారు:

పాతికేళ్లుగా శుభలేఖలు కూర్చి అచ్చు వేయిస్తున్నాను కాబట్టి నా కంటికి ముందుగా ఆనినవి చెబుతాను. "చి.ల.సౌ." అంటే చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి. అది పెళ్లికూతురి పేరుకు ముందు వేసే మాట. పదిహేనేళ్ల పిల్ల నాట్యప్రదర్శనకు వేస్తే పత్రం అందుకున్న పెద్దవాళ్లు పెళ్లి పత్రిక అనుకుని ఒక క్షణం ఉలిక్కిపడతారు. "చి." చాలు, లేదా "కుమారి" అనండి. రెండూ కలిపి "చి. కుమారి" అని వేసేవారూ ఉన్నారు, అందులోనూ దోషం లేదు.

"మహోత్సవం" కూడా తీసేయండి. దేవుడి కల్యాణానికీ, సంస్థల వార్షికోత్సవానికీ అది నప్పుతుంది. ఒక పిల్ల మొదటిసారి వేదిక ఎక్కే సాయంత్రానికి "రంగప్రవేశం" అన్న ఒక్క మాటే నిండుగా ఉంటుంది. ఇక "మా ఆతిథ్యమును స్వీకరించగలరు" అంటే భోజనం ఉందని అర్థం. ఉంటే ఉందని విడిగా, ఏ వేళకో చెబుతూ రాయండి. లేకపోతే ఆ మాట తీసేయండి, ఎందుకంటే అది చదివినవాళ్లు ఇంట్లో వంట చేసుకోకుండా వస్తారు.

మీ అత్తగారి సంగతి. కాలం చేసినవారి పేరు ఆహ్వానించేవారి వరసలో రాకూడదు, ఆవిడ పిలుస్తున్నట్టు అవుతుంది. అమ్మాయిని పరిచయం చేసే వాక్యంలో రావచ్చు. "కీర్తిశేషులు శ్రీమతి ఫలానా, శ్రీ ఫలానా దంపతుల పౌత్రి" అని అమ్మాయి పేరుకు పైన వేయండి. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. మీ మామగారు జీవించి ఉన్నట్లయితే "కీర్తిశేషులు" అన్నది ఆవిడ పేరుకు మాత్రమే తగలాలి. దంపతుల ముందు ఒకేసారి వేస్తే ఇద్దరికీ తగులుతుంది. అలా పొరపాటు పడ్డ పత్రం ఒకటి నా చేతుల మీదుగానే వెళ్లింది, దానికి ఇప్పటికీ నాకు బాధగా ఉంటుంది.

పాప వాళ్లమ్మ రాశారు:

మా మామగారు ఉన్నారు. మీరు చెప్పకపోతే నేను సరిగ్గా అదే తప్పు చేసేదాన్ని. చాలా కృతజ్ఞతలు.

తాళజ్ఞ రాశారు:

అమ్మా, నేను నట్టువాంగం పట్టే మనిషిని, కొందరు పిల్లల రంగప్రవేశాలకు తాళాలు వేశాను. భాష సంగతి పైవారు చక్కగా చెప్పారు. నా దిగులంతా అంశాల వరస మీద ఉంది.

"సిద్ధేంద్రయోగి తరంగం" అన్నది తప్పు. తరంగాలు నారాయణతీర్థుల శ్రీకృష్ణలీలాతరంగిణిలోవి, సంస్కృతంలో ఉంటాయి. సిద్ధేంద్రయోగి పేరు రావలసింది దానికి పైన ఉన్న భామాకలాపం పక్కన. ఆ పేరు ఒక గడి కిందికి జారినట్టుంది.

భామాకలాపం అని ఊరికే రాయడం కూడా సరికాదు. భామాకలాపం రాత్రి తెల్లవార్లూ ఆడే నాటకం. మీ అమ్మాయి చేయబోయేది అందులో సత్యభామ ప్రవేశ దరువు ఒక్కటే అయి ఉంటుంది. "భామాకలాపం నుంచి సత్యభామ ప్రవేశ దరువు" అని రాయండి. పూర్వం మేళాల ప్రదర్శనలు చూసిన పెద్దలు సభకు వస్తే, కలాపం అన్న మాట చూసి మాధవి సంవాదం, లేఖ ఘట్టం కూడా ఉంటాయని ఎదురు చూస్తారు.

వీటికంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. "శిక్షణ, నృత్య రూపకల్పన: గురువుగారు" అని అన్ని అంశాలకూ కలిపి ఒకే మాట వేశారు. ఆ ఎనిమిది అంశాలనూ మీ గురువుగారే కూర్చారా? కూచిపూడిలో ఇవాళ ప్రదర్శించే ఏకపాత్ర అంశాల్లో చాలా భాగం గురువుల గురువులు కూర్చినవి. వెంపటి చినసత్యంగారు 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టాక ఆయన కూర్చిన అంశాలు శిష్యుల ద్వారా ఊరూరా పాకాయి. అలాంటి అంశం మీ అమ్మాయి చేస్తున్నట్లయితే అక్కడ ఆయన పేరు ఉండాలి. మీ గురువుగారు నేర్పిన మనిషి, కూర్చిన మనిషి వేరు. ఈ తేడా పత్రంలో కనిపించకపోతే, సభలో కూర్చున్న మరో గురువుగారు చూసి మీ గురువుగారినే అపార్థం చేసుకుంటారు, పాపం ఆయనకు ఈ పత్రం మాట వరసకైనా తెలియకపోయినా సరే. ఒక్కొక్క అంశం పేరు చెప్పి, ఇది ఎవరి కూర్పండీ అని మీ గురువుగారినే అడగండి. అడిగినందుకు సంతోషిస్తారు.

పాతపుస్తకం రాశారు:

తాళజ్ఞగారు అంత గట్టిగా తప్పు అననవసరం లేదు. సిద్ధేంద్రయోగి నారాయణతీర్థుల శిష్యుడని కూచిపూడి సంప్రదాయంలో చెప్పుకుంటారు. గురుశిష్యులు ఇద్దరూ ఒకటే పరంపర కాబట్టి ఎవరి పేరు వేసినా పెద్ద దోషం కాదని నా అభిప్రాయం. అలాగే అరంగేట్రం అన్నది పూర్తిగా తమిళ మాట, భరతనాట్యానికి మాత్రమే చెల్లుతుంది. కూచిపూడి పత్రంలో వేస్తే అది తప్పే.

తాళజ్ఞ రాశారు:

గురుశిష్యులని చెప్పుకునే మాట నేనూ విన్నాను, దానితో నాకు పేచీ లేదు. కానీ శిష్యుడి పేరు మీద గురువు కృతిని వేస్తే ఇద్దరికీ గౌరవం కాదు. పాటలో ముద్ర ఎవరిదో చూస్తే కర్త ఎవరో తెలుస్తుంది. తరంగం చివరి చరణంలో తీర్థుల పేరు వినిపిస్తుంది, సిద్ధేంద్రుల పేరు వినిపించదు. గాయని ఆ ముద్ర పాడుతూ ఉండగా ప్రేక్షకుడి చేతిలో పత్రం వేరే పేరు చెబుతూ ఉంటే ఎలా?

అరంగేట్రం విషయంలో మాత్రం మీరు సగం సరిగ్గా చెప్పారు. మాట తమిళమే. అరంగు అంటే రంగస్థలం, ఏట్రం అంటే ఎక్కడం. అయితే తెలుగులో అది ఏనాడో కలిసిపోయింది, క్రికెట్ ఆటగాడి తొలి మ్యాచికి కూడా మన పత్రికలు అరంగేట్రం అనే రాస్తాయి. కాబట్టి తప్పు అనలేము. నేనైతే రంగప్రవేశం అన్నదే ఎంచుకుంటాను. దానికి నా కారణం భాష కాదు. కూచిపూడిలో పాత్ర తనను తాను సభకు పరిచయం చేసుకుంటూ వచ్చే దరువును ప్రవేశ దరువు అనే అంటాము. సత్యభామ ప్రవేశం ఉన్న సాయంత్రానికి, ఆ సత్యభామను ఆడే పిల్లకు కూడా అదే మాట వాడడం నాకు సహజంగా అనిపిస్తుంది.

తంబురశ్రుతి రాశారు:

నేను నాట్యానికి పాడతాను. ఎవరూ ఎత్తని సంగతి ఒకటి చెబుతాను. "అన్నమాచార్య సంకీర్తన" అని మాత్రమే ఉంది. రాగిరేకుల మీద సాహిత్యమూ, రాగం పేరూ ఉంటాయి కానీ స్వరం ఉండదు. అందువల్ల ఇవాళ మనం వినే బాణీలు చాలావరకు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ వంటి వారు కూర్చినవి. మీ అమ్మాయి చేసే సంకీర్తనకు బాణీ ఎవరిదో గాయనిని అడిగి "స్వరకల్పన" అని విడిగా వేయండి. అంటే ఆ ఒక్క అంశానికి మూడు పేర్లు వస్తాయి, రచన, స్వరకల్పన, నృత్య రూపకల్పన.

"ప్రముఖ కళాకారులు" అన్నది దయచేసి ఉంచకండి. నేను పాడిన కార్యక్రమాల పత్రాల్లో నా పేరు లేకపోతే బాధపడే దశ దాటిపోయాను కానీ, మృదంగం వాయించే కుర్రవాళ్లకు ఆ పత్రమే తరువాతి అవకాశానికి ఆధారం. నట్టువాంగం, గాత్రం, మృదంగం, వయొలిన్, వేణువు అని ఒక్కొక్కటి ఒక్కొక్క వరసలో పేర్లతో వేయండి.

వేదిక వెనుక రాశారు:

మా పెద్దమ్మాయి రంగప్రవేశం నాలుగేళ్ల క్రితం జరిగింది. మేము చేసిన పొరపాటు చెబితే మీకు పనికివస్తుందేమో. పత్రం అచ్చయ్యాక వేణువు విద్వాంసుడు రాలేని పరిస్థితి వచ్చి మరొకరు వచ్చారు. పత్రంలో పాత పేరు అలాగే ఉంది. ప్రదర్శన మొదలయ్యే ముందు వ్యాఖ్యాత వచ్చినవారి పేరు చెప్పాలని మాకు తోచలేదు. ఆయన ఏమీ అనలేదు, చక్కగా వాయించి వెళ్లారు. ఆ రాత్రి ఫొటోలు చూస్తున్నప్పుడు కానీ మాకు ఆ సంగతి తట్టలేదు. మరుసటి రోజు ఇంటికి వెళ్లి క్షమాపణ చెప్పి వచ్చాము. అందుచేత పేర్లు వేసే ముందు ప్రతి కళాకారుడితోనూ తేదీ, సాధన రోజులు మరొకసారి ఖాయం చేసుకోండి.

ఇంకొకటి, మీ సమయం సరిపోదు. 6 నుంచి 8 అని ఎలా వేశారు?

పాప వాళ్లమ్మ రాశారు:

అంశాల నిడివి కూడితే 98 నిమిషాలు వచ్చింది. కౌత్వం 8, జతిస్వరం 10, శబ్దం 15, ప్రవేశ దరువు 15, తరంగం 25, సంకీర్తన 12, తిల్లానా 10, మంగళం 3. అందుకే రెండు గంటలు చాలునని అనుకున్నాను.

వేదిక వెనుక రాశారు:

అది పాప కాళ్లు కదిలే సమయం మాత్రమేనమ్మా. ఎనిమిది అంశాల మధ్య ఏడు విరామాలు ఉంటాయి. ఆహార్యం ఎన్నిసార్లు మారుస్తున్నారు?

పాప వాళ్లమ్మ రాశారు:

రెండుసార్లు. ప్రవేశ దరువుకు ముందు సత్యభామ ఆహార్యం, జడ. తరంగం అయ్యాక మరొకటి.

వేదిక వెనుక రాశారు:

అయితే ఇలా లెక్క వేయండి. ఆహార్యం మార్పుకు సాధన రోజుల్లో పది నిమిషాలు పట్టినా, ఆ రోజు చెమట, పూలు, పిన్నులతో కలిపి 12 పడుతుంది, రెండింటికీ 24. మిగిలిన అయిదు విరామాల్లో పాప ఊపిరి తీసుకుని, వ్యాఖ్యానం జరగడానికి మూడేసి నిమిషాలు, అంటే 15. జ్యోతి ప్రజ్వలన, ప్రార్థన 5. ముఖ్య అతిథి మాటలు, గురువుగారికీ కళాకారులకూ సత్కారం కలిపి 25 అనుకుందాము. అందులో 12 నిమిషాలు ఆహార్యం మార్పులో కలిసిపోతాయి కాబట్టి అదనంగా 13. మొత్తం 155 నిమిషాలు. 6 గంటలకు మొదలైతే 8 గంటల 35 నిమిషాలకు అవుతుంది, అదీ ముఖ్య అతిథి వేళకు వస్తే.

మీరు 8 అని వేస్తే, దూరం నుంచి వచ్చినవారు 8 కాగానే లేస్తారు. అప్పటికి తరంగం అయి ఉంటుంది, సంకీర్తన, తిల్లానా మిగిలి ఉంటాయి. పిల్ల చివరి అంశాలు ఖాళీ కుర్చీలకు చేయాల్సి వస్తుంది. మాకు అదే జరిగింది. ముగింపు వేళ వేయాలనుకుంటే 8:45 అని వేయండి, లేదా మొదలయ్యే వేళ మాత్రమే వేసి "సుమారు రెండున్నర గంటలు" అనండి.

పాతపుస్తకం రాశారు:

ముద్ర గురించి తాళజ్ఞగారి మాట ఒప్పుకుంటున్నాను. మరొక సూచన. గజ్జె పూజకు కూడా ఈ పత్రంలోనే అందరినీ పిలవండి. గజ్జె కట్టకుండా రంగప్రవేశం ఏమిటి?

తాళజ్ఞ రాశారు:

గజ్జె పూజ కొందరు గురువులు ప్రదర్శనకు కొన్ని వారాల ముందే తరగతిలో చేసేస్తారు. కొందరు ఆ సాయంత్రం వేదిక మీదే, ప్రేక్షకుల ముందు చేస్తారు. మా గురువుగారు మొదటి పద్ధతిలో చేసేవారు. గురువుకూ శిష్యురాలికీ మధ్య జరిగే పని అది, చూడడానికి జనం ఎందుకని ఆయన అనేవారు. ఇందులో మీ గురువుగారి మాటే చెల్లుతుంది.

ముందువరుస రాశారు:

నేను చూసిన ఒక కార్యక్రమంలో వేదిక మీదే గజ్జెలు కట్టారు, ఆ పిల్ల అమ్మమ్మ కళ్లు తుడుచుకోవడం నాకింకా గుర్తుంది. అందరూ చూస్తేనే బాగుంటుందని నాకనిపిస్తుంది.

పాప వాళ్లమ్మ రాశారు:

నిన్న సాయంత్రం గురువుగారి దగ్గర కూర్చుని ఒక్కొక్క అంశం గురించి అడిగాను. తాళజ్ఞగారు చెప్పినట్టే ఆయన సంతోషించారు. అంతకుముందు నేను రాసిన చిత్తుప్రతి చూపించినప్పుడు కొంచెంసేపు మౌనంగా ఉన్నారు. అన్నీ ఆయన కూర్పులే అన్నట్టు రాయడం ఆయనకు ఎంత ఇబ్బందిగా ఉండేదో నాకు అప్పుడు అర్థమైంది. జతిస్వరం, తరంగం, తిల్లానా వెంపటి చినసత్యంగారి కూర్పులు. శబ్దం, ప్రవేశ దరువు పరంపరగా వచ్చినవి, వాటికి రూపకల్పన అని ఎవరి పేరూ వేయవద్దని, "సంప్రదాయం" అని వేయమని అన్నారు. కౌత్వం, సంకీర్తన, మంగళం మాత్రమే తనవి అన్నారు. సంకీర్తన బాణీ మా గాయనిగారు స్వయంగా కట్టినదట. ఇన్నాళ్లూ అది పాత బాణీ అనుకున్నాను.

గజ్జె పూజ తరగతిలోనే చేద్దామన్నారు. మా మామగారిని మాత్రం రమ్మన్నారు.

ఇంకొక విషయం తేలలేదు. ముఖ్య అతిథి మాటలు, సత్కారాలు ఎప్పుడు పెట్టాలి? గురువుగారు తరంగం అయ్యాక అంటున్నారు, మా వారు అన్నీ అయ్యాక చివర్లో అంటున్నారు.

తంబురశ్రుతి రాశారు:

చివర్లో పెట్టండి. తరంగం అంటే పిల్ల ఇత్తడి పళ్లెం అంచుల మీద పాదాలు నిలిపి, వేళ్లతోనూ మడమలతోనూ పళ్లాన్ని జరుపుతూ జతులు వేస్తుంది. అది అయ్యేసరికి పిక్కలు నిప్పులా ఉంటాయి. అప్పుడు ఇరవై అయిదు నిమిషాలు కూర్చోబెడితే ఒళ్లు చల్లబడి, తిల్లానాకు లేచినప్పుడు కాళ్లు బిగుసుకుంటాయి. మాకు కూడా శ్రుతి మళ్లీ సరిచూసుకోవాలి, మృదంగం మళ్లీ సవరించుకోవాలి.

వేదిక వెనుక రాశారు:

చివర్లో పెడితే సత్కారం వేళకు సగం మంది ఉండరు. గురువుగారికీ, వాద్యకారులకూ నిండు సభలో నమస్కారం జరగడం కూడా ముఖ్యమే కదా. తరంగం తరువాత ఎలాగూ ఆహార్యం మార్పు ఉంది. ఆ 12 నిమిషాల్లో ముఖ్య అతిథి మాట్లాడితే, సత్కారానికి పాప కొత్త ఆహార్యంలో వచ్చి నిలబడుతుంది.

తాళజ్ఞ రాశారు:

పన్నెండు నిమిషాల్లో ముగిస్తారన్న హామీ ఉంటే వేదిక వెనుకగారి మాట బాగుంది. ఆ హామీ ఎవరూ ఇవ్వలేరు. ఇది ఇక్కడ తేలేది కాదు, మీరూ గురువుగారూ మాట్లాడుకోండి.

తరంగం ముందు గానీ, వెనుక గానీ సత్కారం పెట్టినా ఒక మాట పత్రంలో చేర్చండి. వేదిక మీద పూలు చల్లవద్దని, తరంగం సాగుతున్నప్పుడు కెమెరా వెలుగు వేయవద్దని. పూరేకు పళ్లెం కింద పడితే పళ్లెం ఒకవైపు జారి ఒకవైపు ఆగుతుంది. ఎదురుగా వెలుగు మెరిస్తే పిల్లకు ఒక క్షణం చూపు పోతుంది, అంచు మీద నిలబడ్డ మనిషికి ఆ క్షణం చాలా ఎక్కువ. వేదిక మీద తివాసీ పరచవద్దని మందిరం వాళ్లకు చెప్పడం కూడా మరవకండి, తివాసీ మీద పళ్లెం కదలదు. అది పత్రంలో రాసేది కాదు, గుర్తొచ్చి చెబుతున్నాను.

పాప వాళ్లమ్మ రాశారు:

అందరి సూచనలూ చేర్చి మళ్లీ రాశాను. దయచేసి చూడండి.

"శ్రీ …………, కీర్తిశేషులు శ్రీమతి ………… గార్ల పౌత్రి, మా కుమార్తె చి. కుమారి ………… కూచిపూడి నాట్య రంగప్రవేశానికి మిమ్మల్ని సవినయంగా ఆహ్వానిస్తున్నాము. ఏడో ఏట నాయనమ్మ చేయి పట్టుకుని తరగతి గడప ఎక్కిన మా అమ్మాయి, గురువు శ్రీ ………… గారి వద్ద ఎనిమిదేళ్లు అభ్యసించి, వారి అనుమతితో తొలిసారి మీ ముందు ప్రదర్శన ఇస్తోంది. శనివారం సాయంత్రం సరిగ్గా 6 గంటలకు జ్యోతి ప్రజ్వలన. ప్రదర్శన నిడివి సుమారు రెండున్నర గంటలు.

అంశాలు: వినాయక కౌత్వం (నృత్య రూపకల్పన: గురువుగారు). జతిస్వరం (నృత్య రూపకల్పన: పద్మభూషణ్ వెంపటి చినసత్యం). దశావతార శబ్దం (సంప్రదాయం). భామాకలాపం నుంచి సత్యభామ ప్రవేశ దరువు (రచన: సిద్ధేంద్రయోగి, సంప్రదాయం). తరంగం (రచన: నారాయణతీర్థులు, నృత్య రూపకల్పన: వెంపటి చినసత్యం). సంకీర్తన (రచన: అన్నమాచార్య, స్వరకల్పన: శ్రీమతి …………, నృత్య రూపకల్పన: గురువుగారు). తిల్లానా (నృత్య రూపకల్పన: వెంపటి చినసత్యం). మంగళం (నృత్య రూపకల్పన: గురువుగారు).

నట్టువాంగం: గురువు శ్రీ …………. గాత్రం: శ్రీమతి …………. మృదంగం: శ్రీ …………. వయొలిన్: శ్రీమతి …………. వేణువు: శ్రీ …………. రూపసజ్జ: శ్రీ …………

ప్రవేశం ఉచితం, పిల్లలతో కలిసి రండి. ప్రదర్శన జరుగుతున్నప్పుడు కెమెరా వెలుగు వేయవద్దనీ, వేదికపై పూలు చల్లవద్దనీ మనవి. అభినందించదలచినవారు ప్రదర్శన ముగిశాక అమ్మాయిని కలవవచ్చు. కానుకలు తీసుకోలేము, మీ రాకే మాకు కానుక. ఇట్లు, తల్లిదండ్రులు."

అక్షరదోషం రాశారు:

బాగా కుదిరింది. "గార్ల" అన్నది "గారల" అని కూడా రాస్తారు, ఏదైనా ఒకటే. వెంపటివారి పేరుకు మొదటిసారి పద్మభూషణ్ వేసి తరువాత వదిలేశారు, అది సరైన పద్ధతే, ప్రతిసారీ వేయనక్కరలేదు. అయితే పక్కన "గారు" ఉండాలా వద్దా అన్నది చూసుకోండి. మీ గురువుగారికి గారు ఉంది, ఆయన గురువుకు లేదు. అంశాల జాబితాలో పేర్ల పక్కన ఎవరికీ గారు వేయకపోవడం వాడుక కాబట్టి, అక్కడ "గురువుగారు" బదులు మీ గురువుగారి పూర్తి పేరే వేస్తే సమంగా ఉంటుంది.

తంబురశ్రుతి రాశారు:

స్వరకల్పన వరస చూసి మీ గాయనిగారు ఎవరో నాకు తెలియకపోయినా చాలా సంతోషం కలిగింది.

పాతపుస్తకం రాశారు:

నాయనమ్మ వాక్యం పరిచయంలో చక్కగా ఇమిడింది. ఒక్కటే అనుమానం. "వారి అనుమతితో" అన్నచోట "వారి ఆశీస్సులతో" అంటే మరింత నిండుగా ఉండదా?

తాళజ్ఞ రాశారు:

"అనుమతితో" అనే ఉంచండి. పిల్ల సిద్ధంగా ఉందని గురువు చెప్పిన తరువాతే రంగప్రవేశం జరుగుతుంది. ఆ మాట ఆ సంగతినే చెబుతోంది. ఆశీస్సులు సభకు వచ్చే అందరూ ఇస్తారు.

పాప వాళ్లమ్మ రాశారు:

అనుమతితో అనే ఉంచాను, గురువుగారి పూర్తి పేరు అన్ని చోట్లా వేశాను. సత్కారం ఎప్పుడన్నది ఇంకా తేలలేదు. గురువుగారు తరంగం తరువాతే అంటున్నారు. అయితే ముందుగా ముఖ్య అతిథిగారి ఇంటికి మా వారితో పాటు వెళ్లి, పన్నెండు నిమిషాల సంగతి తానే చెబుతానన్నారు. ఆ వేళను పత్రంలో వేయకుండా వదిలేశాము. ఎవరి దగ్గర సాధన రోజు ఖాయం కాలేదో చూస్తే వయొలిన్ ఒక్కరే మిగిలారు, రేపు ఆవిడ చెప్పగానే అచ్చుకు ఇస్తాము. మొదటి ప్రతి మా మామగారి చేతికి ఇచ్చి, అత్తగారి ఫొటో ముందు పెట్టిస్తాము.

ముందువరుస రాశారు:

మనుమరాలితో సహా 5 గంటల 45 నిమిషాలకే వచ్చి ముందు వరుసలో కూర్చుంటాము అమ్మా. ఫొటోలు తీయను.